ఒక్క సంతకం చాలా, ఇద్దరూ పెట్టాలా?

సనత్‌నగర్ చెల్లీ, నీ ఉత్తరం అందింది. మీ ఆయన ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఉద్యోగం ముగించుకుని ఇంటికొచ్చారు. పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బులో ఆరు లక్షలు ఎఫ్‌డీ వేసి, మిగతాది సేవింగ్స్ ఖాతాలో ఉంచుదామనుకున్నారు. రెండూ ఇద్దరి పేరునే. అంతవరకూ ఇంట్లో ఎవరికీ పేచీ లేదు. బ్యాంకు ఫారంలో ‘ఖాతా ఎవరు నడుపుతారు’ అన్న వరుస దగ్గరే చిక్కొచ్చింది. ఇద్దరి సంతకాలూ ఉంటేనే డబ్బుకు భద్రత అని ఆయన. కాదు, ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ పెట్టండి అని అబ్బాయి. ఇద్దరి మధ్య నువ్వు పెన్ను పట్టుకుని కూర్చున్నావు. “అక్కా, ఏ గడిలో టిక్ పెట్టమంటావు?” అని అడిగావు.

చెబుతాను. కాకపోతే అది చిన్న గడే అయినా మూడు వేర్వేరు రోజుల్లో మూడు రకాలుగా పనిచేస్తుంది. ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్న రోజు ఒకటి, ఒకరు మంచాన పడ్డ రోజు ఒకటి, ఒకరు లేని రోజు ఒకటి. మనం మొదటి రోజును చూసి టిక్ పెడతాం. కష్టమంతా మిగతా రెండు రోజుల్లో వస్తుంది.

ముందు మామూలు రోజు చూద్దాం. ఈదర్ ఆర్ సర్వైవర్ అంటే ఇద్దరిలో ఎవరైనా ఒక్కరే సంతకం పెట్టి డబ్బు తీయవచ్చు. చెక్కు నువ్వు రాసినా చెల్లుతుంది, ఆయన రాసినా చెల్లుతుంది. ఎవరి ఏటీఎం కార్డు వాళ్లకు ఇస్తారు. జాయింట్‌గా, అంటే ఇద్దరూ సంతకం పెట్టే పద్ధతిలో అయితే ప్రతి చెక్కు మీదా, ప్రతి విత్‌డ్రాయల్ ఫారం మీదా రెండు సంతకాలు పడాలి. ఇలాంటి ఇంటి ఖాతాలకు బ్యాంకులు మామూలుగా ఏటీఎం కార్డు ఇవ్వవు, ఫోన్‌పే లాంటి వాటికీ వీలుండదు. పిన్ కొట్టేది ఒక్కరు కదా, రెండో సంతకం ఎక్కడినుంచి వస్తుంది? కరెంటు బిల్లు కట్టాలన్నా, గ్యాస్ బుక్ చేయాలన్నా ఆ ఖాతా నుంచి చెక్కే దిక్కు. ఆయన ఓ వారం ఊరెళితే నీ చేతిలో పాస్‌బుక్ ఉంటుంది కానీ డబ్బు ఉండదు.

డబ్బు వేయడానికి మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేదు. పద్ధతి ఏదైనా జమ జమే. ఆ గడి పని డబ్బు బయటికి వెళ్లేటప్పుడే.

ఇక రెండో రోజు. మనం కోరుకోం కానీ, ఈఎస్ఐ ఆసుపత్రి ఓపీ వరుసలో పొద్దున్నే నిలబడే ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది, ఆ రోజు చెప్పి రాదు. ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి ఆడడం లేదనుకుందాం. ఖాతా ఈదర్ ఆర్ సర్వైవర్ అయితే నువ్వు నీ కార్డుతో తీసుకుని మందులు కొంటావు. ఇద్దరి సంతకాల ఖాతా అయితే నీ సంతకం సగమే.

అప్పుడు కూడా ఒక దారి ఉంది, బ్యాంకుకు వెళ్లే చాలామందికి అది తెలియదు. జబ్బుతో సంతకం పెట్టలేని ఖాతాదారు వేలిముద్ర గానీ, అదీ కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర గానీ వేయవచ్చని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షులు ఆ ముద్ర ఆయనదేనని గుర్తించాలి, వాళ్లలో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఆ డబ్బు ఎవరు తీసుకెళతారో ఆయనే సూచించాలి. కాబట్టి బ్రాంచి మేనేజర్‌ను కలిసి, ఆయన రాలేని స్థితిలో ఉన్నారు, ఆసుపత్రికి ఒకరిని పంపండి అని కాగితం మీద రాసి అడుగు. ఈ పద్ధతికి ఆయన స్పృహలో ఉండి, ఏం జరుగుతోందో తెలుసుకోగలిగి ఉండాలి. స్పృహ లేని మనిషి వేలు పట్టుకుని ముద్ర వేయించడం నేరం, ఏ మేనేజరూ ఒప్పుకోడు. అప్పుడిక కోర్టుకెళ్లి ఆయన తరఫున సంరక్షకురాలిగా ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఐసీయూ బిల్లు అంతవరకు ఆగదు.

మూడో రోజుకు మీ ఇంటి లెక్కే తీసుకుని చూద్దాం. ఆయన లేరనుకో. చెడు మాట అనడం కాదు, ఆ ఫారంలో ‘సర్వైవర్’ అన్న మాట పెట్టిందే దీనికోసం. ఇంట్లో మిగిలేది నువ్వు, కొడుకు, కరీంనగర్‌లో ఉన్న కూతురు, పెద్దవయసు అత్తమ్మ. ఎఫ్‌డీ ఆరు లక్షలు.

ఈదర్ ఆర్ సర్వైవర్ అయితే సేవింగ్స్ ఖాతాకు నువ్వు తీసుకెళ్లాల్సినవి మరణ ధ్రువీకరణ పత్రం, నీ గుర్తింపు కాగితాలు, బ్యాంకు ఇచ్చే దరఖాస్తు. అంతే. బతికున్న రెండో వ్యక్తికి డబ్బు ఇస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. అందుకే ఇలాంటి చోట సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మనీ, పూచీకత్తు రాసివ్వమనీ, జామీను తెమ్మనీ ఒత్తిడి చేయొద్దని రిజర్వ్ బ్యాంకు 2005 నుంచీ బ్యాంకులకు చెబుతూనే ఉంది. మొత్తం ఎంతైనా సరే ఇదే మాట. కోర్టు ఏదైనా ఆపమని ఉత్తర్వు ఇచ్చి ఉంటేనే ఆగుతుంది. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలి. 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బ్యాంకు వల్లే ఆలస్యమైతే ఆ ఆలస్యానికి వడ్డీ కట్టాలి, అది బ్యాంక్ రేటు మీద ఏడాదికి కనీసం 4 శాతం ఎక్కువ ఉండాలి. ఎవరైనా కౌంటర్‌లో “కోర్టు కాగితం తెండమ్మా” అంటే, ఆ మాట రాసివ్వమని అడుగు. చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది.

అదే ఇద్దరి సంతకాల ఖాతా అనుకో. అందులో సర్వైవర్ అన్న మాటే లేదు. రెండు తాళంచెవులతో తెరుచుకునే పెట్టెలో ఒక చెవి ఆయనతోనే పోయినట్టు. ఇప్పుడు ఆ రెండో సంతకం చోటికి ఆయన వారసులంతా వస్తారు. నీతో పాటు కొడుకు, కూతురు, అత్తమ్మ అందరూ కలిసి క్లెయిమ్ పెట్టాలి, లేదా మిగతావాళ్లు ‘మాకు అభ్యంతరం లేదు’ అని రాసివ్వాలి. మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సి రావచ్చు. పూచీకత్తు పత్రమూ రాయాలి. కొత్త ఆదేశాల్లో 15 లక్షల లోపు మొత్తాలకు, సహకార బ్యాంకుల్లో అయితే 5 లక్షల లోపు మొత్తాలకు, కోర్టుకు పోకుండా ఈ సులువైన పద్ధతిలోనే తేల్చమన్నారు కాబట్టి మీ ఆరు లక్షలకు మామూలు బ్యాంకులో కోర్టు మెట్లు ఎక్కాల్సిన పని రాదు. అయినా కరీంనగర్ నుంచి అమ్మాయి రావాలి, అత్తమ్మను బ్యాంకుకు తీసుకెళ్లాలి. వాళ్లలో ఒక్కరు సంతకం పెట్టనన్నా కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఇక్కడ ఆగి ఒక ముఖ్యమైన విషయం చెప్పాలి, ఎందుకంటే అబ్బాయి నీతో “ఈదర్ ఆర్ సర్వైవర్ పెడితే డబ్బంతా అమ్మదే అయిపోతుంది” అన్నాడని రాశావు. అది నిజం కాదు. ఆ గడి డబ్బు ఎవరికి ఇవ్వాలో బ్యాంకుకు చెబుతుంది గానీ, డబ్బు ఎవరిదో తేల్చదు. ఇది ఇవాళ్టి మాట కూడా కాదు. 1928లోనే ప్రీవీ కౌన్సిల్ ముందుకు గురన్ దిత్తా కేసు వచ్చింది. ఒక హిందూ భర్త తన డబ్బును తన పేరున, భార్య పేరున, ‘ఇద్దరిలో ఎవరికైనా, లేదా మిగిలినవారికి’ చెల్లించేలా బ్యాంకులో వేశాడు. ఆయన పోయాక, అలా వేసినంత మాత్రాన భార్యకు దానం చేసినట్టు కాదని ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. ఇప్పటికీ మన కోర్టులు నడిచేది ఆ బాటలోనే.

అంటే మీ ఇంట్లో ఏం జరుగుతుంది? ఆ ఆరు లక్షలూ ఆయన కష్టార్జితం. వీలునామా లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకు, కూతురు, తల్లి నలుగురికీ సమాన వాటా. తల్లికి వాటా ఉంటుందని మన ఇళ్లలో సగం మందికి తెలియదు. కాబట్టి బ్యాంకు నీ చేతికి ఆరు లక్షలూ ఇస్తుంది, అందులో నీ వాటా లక్షన్నర. మిగతా నాలుగున్నర లక్షలు ఆ ముగ్గురి తరఫున నీ దగ్గర ఉన్నట్టు లెక్క. వాళ్లు అడగకపోవచ్చు, నీకే వదిలేయొచ్చు. అడిగితే మాత్రం “ఖాతాలో నా పేరుంది” అన్న జవాబు కోర్టులో నిలవదు. ఆయనకు మొత్తం నీకే దక్కాలని ఉంటే టిక్ సరిపోదు, వీలునామా రాయాలి. అదే నువ్వు కుట్టుపని చేసి సంపాదించిన డబ్బు ఆ ఖాతాలో కలిసి ఉంటే, అది నీదేనని చూపించే కాగితం నీ దగ్గర ఉండాలి.

నామినీ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. జాయింట్ ఖాతాలో నామినీ పేరు రాయవచ్చు, రాయాలి కూడా. అయితే ఇద్దరిలో ఒకరు ఉన్నంతవరకు నామినీకి ఏ హక్కూ రాదు. ఇద్దరూ పోయాకే అతని వంతు. అందువల్ల ‘ఇద్దరి సంతకాలు పెట్టాం, అబ్బాయిని నామినీగా రాశాం, ఇంకేం భయం’ అనుకోవద్దు. ఆయన పోయిన రోజున ఆ నామినేషన్ నీకు పనికిరాదు. నామినీ కూడా డబ్బు అందుకునే మనిషే కానీ యజమాని కాదు, బ్యాంకు డిపాజిట్ల విషయంలో సుప్రీంకోర్టు 2010లో తల్వార్ కేసులో ఈ మాటే చెప్పింది.

ఇప్పుడు ఎఫ్‌డీ సంగతి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సేవింగ్స్‌లో ఒక్క సంతకం చాలు కాబట్టి ఎఫ్‌డీలోనూ చాలనుకుంటారు. గడువు తీరాక అయితే చాలు. గడువు తీరకముందే విరగ్గొట్టాలంటే, రసీదు మీద ఈదర్ ఆర్ సర్వైవర్ అని ఉన్నా, ఇద్దరూ బతికి ఉండగా ఇద్దరి సంతకాలూ కావాల్సి వస్తుంది. ఒకరు పోయాక గడువుకు ముందు తీయాలంటే పోయినవారి వారసుల సమ్మతి అడుగుతారు. అంటే ఐదేళ్లకు వేసిన ఎఫ్‌డీకి రెండో ఏట ఆయన పోతే, మిగతా మూడేళ్లూ నువ్వు ఆగాలి, లేదంటే అత్తమ్మ, పిల్లల సంతకాలు తెచ్చుకోవాలి. ఏ సంతకాల బాధ తప్పుతుందని ఈదర్ ఆర్ సర్వైవర్ పెట్టుకున్నావో ఆ సంతకాలే మళ్లీ ఎదురవుతాయి.

దీనికి మందు ఉంది, ఒక్క వాక్యం. ‘మాలో ఒకరు మరణిస్తే మిగిలినవారు గడువుకు ముందే డిపాజిట్ తీసుకోవచ్చు’ అని ఇద్దరూ కలిసి బ్యాంకుకు రాసివ్వాలి. దీన్ని బ్యాంకువాళ్లు మ్యాండేట్ అంటారు. డిపాజిట్ వేసేటప్పుడే ఇవ్వవచ్చు. అప్పుడు మరిచిపోతే గడువు మధ్యలో ఎప్పుడైనా ఇవ్వవచ్చని రిజర్వ్ బ్యాంకు 2012లో స్పష్టం చేసింది. ఆ కాగితం ఉంటే వారసుల సంతకాల కోసం తిరగక్కర్లేదు, మరణం వల్ల ముందే తీసినందుకు జరిమానా కూడా పడదు. ఇద్దరూ ఉన్నప్పుడే పెట్టాల్సిన సంతకం ఇది. ఒకరు పోయాక దీన్ని ఎవరూ రాయలేరు.

మరి మీ ఆయన భయం ఉత్తదేనా అంటే, కాదు. ఈదర్ ఆర్ సర్వైవర్‌లో ఒకరు ఒక్క పూటలో ఖాతా ఖాళీ చేయవచ్చు, రెండోవారికి ఫోన్‌లో మెసేజ్ వచ్చేదాకా తెలియదు. బ్యాంకును నిలదీయడానికీ లేదు, తీయమని ఇద్దరూ రాసిచ్చిందే కదా. గొడవ పడ్డ రోజున ఒక్కటే రక్షణ. ‘ఇకనుంచి ఒక్కరి సంతకంతో డబ్బు ఇవ్వొద్దు’ అని ఒకరు రాతపూర్వకంగా బ్యాంకుకు ఇస్తే, సాధారణంగా బ్యాంకు లావాదేవీలు ఆపి, ఇద్దరూ కలిసి చెప్పేదాకా కదలనివ్వదు. ఆ కాగితం రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ఆపడానికి ఒక్కరు చాలు, పద్ధతినే మార్చాలంటే మాత్రం ఇద్దరి సంతకాలూ కావాలి. అందుకే చెల్లెళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది, కాపురం సవ్యంగా ఉన్నప్పుడే ఇవన్నీ చూసుకోండని.

ఇద్దరి సంతకాల పద్ధతి ఎక్కడ బాగుంటుందంటే, డబ్బు ఇంటిది కాకుండా నలుగురిదీ అయినచోట. మీ అపార్ట్‌మెంట్ సంఘం మెయింటెనెన్స్ ఖాతా, మహిళల పొదుపు సంఘం ఖాతా ఒక్కరి చేతిలో ఉండకూడదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఊళ్లో పొలం అమ్మి పంచుకునేదాకా ఉంచిన డబ్బుకూ ఇదే సరి. నాలుగు నెలల్లో పంచేసేది కాబట్టి ఇబ్బంది పడినా కొన్నాళ్లే.

అక్కడా ఒక కీడుంది. మన తెలంగాణలో అందరికీ తెలిసిన ఉదాహరణ జాయింట్ చెక్ పవర్. 2018 పంచాయతీరాజ్ చట్టంలో పంచాయతీ చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ కూడా సంతకం పెట్టాలని పెట్టారు. ఒక్కరే డబ్బు తినేయకుండా అన్నది ఉద్దేశం. ఇద్దరికీ పడనిచోట ఉపసర్పంచ్ సంతకం పెట్టడని, బిల్లులు ఆగిపోతున్నాయని సర్పంచ్‌లు మొత్తుకున్నారు. రెండో సంతకం దొంగతనాన్ని ఆపుతుంది, పనినీ ఆపుతుంది. ఇంటి ఖాతా తెరిచేముందు ఈ రెండింటిలో మీ ఇంటికి ఏది ఎక్కువ ప్రమాదమో చూసుకోవాలి.

చెక్కు మీద సంతకానికి ఇంకో బరువూ ఉంది. చెక్కు బౌన్స్ అయితే జాయింట్ ఖాతాలో పేరున్నంత మాత్రాన కేసు పెట్టలేరు, ఆ చెక్కు మీద సంతకం పెట్టినవారి మీదే పెట్టాలని సుప్రీంకోర్టు 2013లో అపర్ణా షా కేసులో చెప్పింది. ఈదర్ ఆర్ సర్వైవర్‌లో మీ ఆయన ఒక్కరే రాసిన చెక్కు బౌన్స్ అయితే ఆ నేరం నీ మీదికి రాదు. ఇద్దరి సంతకాల ఖాతాలో ప్రతి చెక్కు మీదా నీ సంతకమూ ఉంటుంది. ఖాళీ చెక్కుబుక్కు మీద ముందుగా సంతకాలు చేసి ఇచ్చే అలవాటు ఉన్న అక్కచెల్లెళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అలా ఇస్తే రెండు సంతకాల వల్ల వచ్చే కాపలా పోతుంది, కేసు బరువు మాత్రం మిగులుతుంది.

మీ ఆయనకు నచ్చే మధ్యేమార్గం కూడా ఒకటి ఉంది, ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’. మొదటి పేరున్నవారు బతికి ఉన్నంతకాలం ఖాతా వారొక్కరే నడుపుతారు, వారు పోయాకే రెండోవారికి హక్కు. అత్తమ్మ తన డిపాజిట్‌లో మనవడి పేరు కలపాలనుకుంటే ఇది పెట్టండి, ఆమె ఉండగా అతను దాన్ని ముట్టుకోలేడు. భార్యాభర్తల ఇంటి ఖర్చు ఖాతాకు మాత్రం నేను దీన్ని చెప్పను. ఆయన మంచాన పడ్డ రోజున రెండో పేరున్న నీ చేతిలో ఏమీ ఉండదు. పెన్షన్ వచ్చే ఖాతా అయితే కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు భార్యతో కలిసి ఈ రెండు సర్వైవర్ పద్ధతుల్లో ఏదైనా పెట్టుకోవచ్చు. ఆయన తర్వాత కుటుంబ పెన్షన్ ఆ ఖాతాలోనే పడుతుంది, కొత్తది తెరవమని బ్యాంకు పట్టుబట్టకూడదు.

ఇక నా తీర్పు. మీ సేవింగ్స్ ఖాతాకు ఈదర్ ఆర్ సర్వైవర్ పెట్టండి, నీ పేరున విడిగా కార్డు తీసుకో. ఎఫ్‌డీకి కూడా అదే పెట్టి, గడువుకు ముందు తీసుకునే మ్యాండేట్ అదే రోజు ఇద్దరూ రాసివ్వండి. ఆరు లక్షలూ ఒకే రసీదు మీద కాకుండా రెండు మూడు ఎఫ్‌డీలుగా వేస్తే అవసరానికి ఒక్కటే విరగ్గొట్టుకోవచ్చు. నామినీని ఇద్దరూ సంతకం పెట్టి నమోదు చేయించండి. 2025 నవంబరు 1 నుంచి నలుగురి పేర్లదాకా రాసే వీలొచ్చింది, అబ్బాయి, అమ్మాయి ఇద్దరి పేర్లూ వాటాలతో రాస్తే రేపు వాళ్ల మధ్య మాట రాదు. ఆయనకు భయం తీరకపోతే, పెద్ద మొత్తంలో కొంత ఆయన ఒక్కరి పేరున నిన్ను నామినీగా పెట్టి ఉంచుకోమను. ఇంటి డబ్బంతా రెండు సంతకాల కింద బిగించడం కంటే అది మేలు.

ఇది చదువుతున్న మిగతా అక్కచెల్లెళ్లకూ ఒక మాట. మీ పాస్‌బుక్ మొదటి పేజీలోనో, ఎఫ్‌డీ రసీదు మీదో ‘మోడ్ ఆఫ్ ఆపరేషన్’ అన్న వరుస ఉంటుంది. దాని పక్కన ఏముందో ఇవాళే చూడండి. అక్కడ ‘జాయింట్’ అని ఉంటే, ఇద్దరూ కలిసి బ్రాంచికి వెళ్లి మార్పించుకోండి. ఆ మార్పుకు ఇద్దరూ ఉండాలి.